వెలుగుకు వాటా, సర్వోకు వ్యవధి

ఆర్డుయినో ఊనో బోర్డులో ఐదో నంబరు పిన్నుకు తెలిసిన స్థితులు రెండే: సున్నా వోల్టులు, ఐదు వోల్టులు. రెండున్నర ఇమ్మంటే దానివల్ల కాదు. అయినా దానికి తగిలించిన ఎల్‌ఈడీని మనం కోరినంత మసకగా వెలిగించవచ్చు. పిన్నును చాలా వేగంగా వేసి ఆర్పుతూ, ప్రతి విడతలో ఎంతసేపు వేసి ఉంచాలో మారుస్తూ పోతే చాలు. పల్స్ విడ్త్ మాడ్యులేషన్ అంటే ఇదే. బొమ్మ విమానాల రెక్కలు తిప్పే చిన్న సర్వో మోటారుకూ ఇలాంటి పల్సులే పంపుతాం. కానీ ఎల్‌ఈడీ ఆ పల్సుల్లో చూసేది ఒకటి, సర్వో చూసేది ఇంకొకటి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

ముందు ఎల్‌ఈడీ సంగతి. ఊనో చిప్‌లో టైమర్ అనే భాగం ఉంది. ఐదో పిన్నును నడిపే టైమరు 4 మైక్రోసెకన్లకు ఒక అంకె చొప్పున 0 నుంచి 255 వరకు లెక్కపెట్టి మళ్ళీ మొదటికి వస్తుంది. ఒక చుట్టుకు 1,024 మైక్రోసెకన్లు, అంటే సెకనుకు దాదాపు 976 చుట్లు. మనం ఈ ఒక్క మాట రాస్తాం:

```
analogWrite(5, 64);
```

ఇక ప్రతి చుట్టులో లెక్క 64 దాటేదాకా పిన్ను వెలిగి ఉంటుంది, మిగతా సమయం ఆరి ఉంటుంది. ఈ పని టైమరే చూసుకుంటుంది కాబట్టి ప్రోగ్రాము వేరే పనిలో పడినా వెలుగు చెదరదు. కన్ను అంత వేగాన్ని పట్టలేదు, దానికి కనిపించేది సగటు వెలుగే. అందుకే ఇక్కడ లెక్కకు వచ్చేది వాటా. చుట్టులో నాలుగో వంతు సేపు వెలిగితే నాలుగో వంతు కాంతి.

అయితే వెలిగిన ఆ కాసేపూ ఎల్‌ఈడీ పూర్తి కరెంటు తీసుకుంటుంది. 220 ఓమ్‌ల రెసిస్టరుతో ఎర్ర ఎల్‌ఈడీకి అది సుమారు 14 మిల్లీయాంపులు. మసకగానే వెలిగిస్తున్నాం కదా అని రెసిస్టరు తీసేయకూడదు. ఇంకో చిక్కు కంటితో. నాలుగో వంతు కాంతి మనకు దాదాపు సగం వెలుగులా తోస్తుంది. విలువను 0 నుంచి 255కు సమానంగా పెంచుకుంటూ పోతే వెలుగు మొదట్లోనే ఎగబాకి, చివర్లో ఏమీ మారనట్టు ఉంటుంది. విలువను దానితోనే గుణించి 255తో భాగించి పంపితే పెరుగుదల నున్నగా కనిపిస్తుంది.

ఇప్పుడు సర్వో. దానిలో మోటారు, గేర్లు, బయటి ఇరుసుతో పాటు తిరిగే ఒక పొటెన్షియోమీటరు, చిన్న సర్క్యూటు ఉంటాయి. సర్క్యూటు వచ్చిన పల్సు ఎంతసేపు ఉందో కొలిచి, పొటెన్షియోమీటరు చెబుతున్న స్థానంతో పోల్చి, తేడా పోయేదాకా మోటారును తిప్పుతుంది. పల్సు 1.5 మిల్లీసెకన్లు ఉంటే మధ్యకు వస్తుంది. 1 మిల్లీసెకను వైపు ఒక పక్కకు, 2 వైపు రెండో పక్కకు తిరుగుతుంది. ఇలాంటి పల్సు సాధారణంగా 20 మిల్లీసెకన్లకు ఒకసారి రావాలి. ఆ విరామం 25 అయితే వాటా ఏడున్నర శాతం నుంచి ఆరుకు పడిపోతుంది, కోణం మాత్రం మారదు. సర్వో వాటా చూడదు, వ్యవధి చూస్తుంది.

అందుకే సర్వోను analogWrite తో నడపబోతే కుదరదు. ఐదో పిన్ను మీద చుట్టు మొత్తమే 1.024 మిల్లీసెకన్లు, అందులో ఒకటిన్నర మిల్లీసెకన్ల పల్సు ఎలా పడుతుంది? ఊనోతో వచ్చే సర్వో లైబ్రరీ ఈ పని సరిగ్గా చేస్తుంది:

```
#include <Servo.h>
Servo s;
void setup() {
  s.attach(9);
  s.writeMicroseconds(1500);
}
void loop() {}
```

ఈ లైబ్రరీ ఇంకో టైమరును తన కోసం తీసుకుంటుంది. దానివల్ల 9, 10 పిన్నుల మీద ఎల్‌ఈడీని మసకబరచడం కుదరదు. సర్వో చేర్చగానే అంతవరకు బాగున్న ఎల్‌ఈడీ మొరాయిస్తే, ముందు అది ఏ పిన్ను మీద ఉందో చూడండి. దాన్ని 3, 5, 6, 11లలో ఒకదానికి మారిస్తే సరిపోతుంది.

సర్వో కదలబోయిన ప్రతిసారీ బోర్డు మళ్ళీ మొదటినుంచి మొదలవుతుంటే తప్పు చాలావరకు ప్రోగ్రాముది కాదు. మోటారు బయలుదేరేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగి బోర్డు వోల్టేజీని పడగొడుతోంది. సర్వోకు వేరే ఐదు వోల్టుల సప్లై ఇచ్చి, దాని గ్రౌండును బోర్డు గ్రౌండుతో కలపాలి. కలపకపోతే సంకేతాన్ని దేనితో పోల్చి కొలవాలో సర్వోకు తెలియక వణుకుతుంది. చేయి కదలకుండా సన్నగా రొద పెడుతూ వేడెక్కుతుంటే, లోపలి గేరు తన ఆఖరు హద్దుకు తగిలి ఇంకా తోస్తోందన్నమాట. అప్పుడు రొద ఆగేదాకా పల్సును 1500 వైపు పది పది మైక్రోసెకన్లుగా వెనక్కి తెచ్చి, ఆగిన అంకెనే ఆ సర్వోకు హద్దుగా ప్రోగ్రాములో రాసుకోవాలి.