అమ్మ పేరుతో రాజు, ఊరి పేరుతో మనిషి

నాసిక్ గుహల్లో ఒక పెద్దావిడ వేయించిన శాసనం ఉంది. ఆమె గౌతమీ బలశ్రీ. కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణి, మనవడు వాసిష్ఠీపుత్ర పులుమావి. మనవడి పాలనలో 19వ ఏట ఆ శాసనం చెక్కించింది. ఇలా తల్లిని బట్టి బిడ్డకు వచ్చే పేరును నామశాస్త్రంలో మెట్రోనిమిక్ అంటారు. మాతృనామం అందాం. తండ్రిని బట్టి వస్తే పితృనామం. ఐస్‌లాండ్‌లో యోన్ కొడుకు యోన్సన్ అయ్యేది అలాగే.

శాతవాహనుల్లో శాతకర్ణులు చాలామంది. నాణెం అరిగిపోయి 'శాతకర్ణి' అన్న మాటే మిగిలితే అది ఎవరిదో తేల్చడం కష్టం. ముందున్న 'గౌతమీపుత్ర' కూడా కనిపిస్తే కొందరిని పక్కన పెట్టవచ్చు. అయినా పేచీ పూర్తిగా తీరదు, ఎందుకంటే యజ్ఞ శాతకర్ణి కూడా గౌతమీపుత్రుడే. గౌతమి, వాసిష్ఠి అన్నవి తల్లుల సొంత పేర్లు కావు, వాళ్ల గోత్రాన్ని చెప్పే పేర్లు. రాజమాత సొంత పేరు బలశ్రీ. కాబట్టి ఇద్దరు వాసిష్ఠీపుత్రులు కనిపించగానే అన్నదమ్ములని రాసుకుంటే పొరపాటే. నాగార్జునకొండ ఇక్ష్వాకుల్లో తాత వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, మనవడు వాసిష్ఠీపుత్ర ఎహువల చాంతమూలుడు. అక్కడ ఇద్దరినీ విడదీసేది 'ఎహువల' ఒక్కటే. ఇంకో తొందరపాటు కూడా ఉంది. తల్లి పేరు చూసి, అప్పట్లో రాజ్యం ఆడవాళ్ల వైపు నుంచి సంక్రమించేదని కొందరు అనేస్తారు. బలశ్రీ ఇంట్లోనే చూడండి, సింహాసనం తండ్రి నుంచి కొడుక్కే వెళ్లింది.

ఊరు, ఏరు, కొండ లాంటి స్థలాల పేర్లు టోపోనిమ్‌లు. మన ఇంటిపేర్లలో ఎన్నో వాటి నుంచి వచ్చినవే. టంగుటూరు నుంచి టంగుటూరి, కందుకూరు నుంచి కందుకూరి. చివరి 'రు' 'రి' అయితే చాలు, 'ఆ ఊరికి చెందిన' అన్న అర్థం వచ్చేస్తుంది. ఏ కందుకూరు అన్నది మాత్రం ఇంటిపేరు చెప్పదు. కోస్తాలో ఒకటుంది, హైదరాబాద్‌కు దక్షిణాన రంగారెడ్డి జిల్లాలో ఇంకొకటి ఉంది.

దేవుడి పేరును మోసే మనిషి పేరు థియోఫోరిక్, అంటే దైవనామం. వెంకటేశ్వర్లు, మల్లికార్జున, దుర్గాప్రసాద్ ఆ కోవలోవే. హీబ్రూలో 'ఏల్' అంటే దేవుడు కనుక డానియేల్ కూడా అంతే. వీటిలో నాకు సరదాగా తోచేవి యాదగిరి, శ్రీశైలం, తిరుపతి అన్న మనుషుల పేర్లు. పైకి అచ్చంగా స్థలనామాలు. కానీ కొడుక్కి యాదగిరి అని పెట్టిన తల్లిదండ్రులు ఆ కొండ మీద పుట్టాడని పెట్టరు, అక్కడి నరసింహస్వామికి మొక్కుకుని పెడతారు. అందుకే ఇలాంటి పేరును ఏ గడిలో వేయాలో అక్షరాలు చూసి తేల్చలేం. ఎందుకు పెట్టారో ఇంట్లోవాళ్లను అడగాలి.