ఏడాదికో తూకం, వీలైనంత తక్కువ అమ్మకాలు

ఈక్విటీ ఫండ్లలో 60 శాతం, డెట్ ఫండ్లలో 40 శాతం పెట్టాలని నిర్ణయించుకున్నారు అనుకుందాం. మార్కెట్ ఆ లెక్కను అలాగే ఉండనివ్వదు. షేర్లు పెరిగిన ఏడాది 60 కాస్తా 65 అవుతుంది, పడిన ఏడాది 52కి దిగుతుంది. పెరిగినదాన్ని కొంత అమ్మి, తగ్గినదాన్ని కొని మళ్లీ 60:40కి తేవడమే రీబ్యాలెన్సింగ్. దీని పని రాబడి పెంచడం కాదు, మీరు తట్టుకోగలిగినంత రిస్క్‌లోనే మిమ్మల్ని ఉంచడం. మార్కెట్ ఏళ్ల తరబడి పెరుగుతూనే పోతే, రీబ్యాలెన్స్ చేసినవారికి చేయనివారికంటే తక్కువే వస్తుంది. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే, మధ్యలో విసుగొచ్చి మానేయకుండా ఉంటారు.

ఎప్పుడు చేయాలన్నది మొదటి ప్రశ్న. నెలనెలా సరిచేయడం అనవసరం. ఏడాదికి ఒక తేదీ పెట్టుకుని, దానికి తోడుగా ఒక హద్దు గీసుకుంటే చాలు. ఆ రోజు ఈక్విటీ వాటా 55కీ 65కీ మధ్య ఉంటే ఏమీ అమ్మకూడదు. హద్దు దాటితేనే అమ్మకం గురించి ఆలోచించాలి.

ఒక లెక్క చూద్దాం. మొత్తం 20 లక్షలు: ఈక్విటీలో 12, డెట్‌లో 8. మొదటి ఏడాది ఈక్విటీ 25 శాతం, డెట్ 7 శాతం పెరిగాయి. ఇప్పుడు ఈక్విటీ 15 లక్షలు, డెట్ 8.56 లక్షలు. ఈక్విటీ వాటా దాదాపు 64 శాతం. హద్దులోనే ఉంది కాబట్టి అమ్మే పని లేదు. రెండో ఏడాది ఈక్విటీ మరో 20 శాతం, డెట్ మళ్లీ 7 శాతం పెరిగితే అవి 18 లక్షలు, 9.16 లక్షలు అవుతాయి. వాటా 66 దాటింది.

మీకు నెలకు 20 వేల సిప్ కట్టే స్తోమత ఉండి, మొదటి ఏడాది తూకం చూసిన రోజే ఆ సిప్‌ను పూర్తిగా డెట్‌కు మళ్లించి ఉంటే? రెండో ఏడాది చివరికి డెట్‌లో అదనంగా 2.4 లక్షలు చేరతాయి. ఈక్విటీ వాటా 61 శాతం దగ్గరే ఉంటుంది. ఒక్క యూనిట్ కూడా అమ్మలేదు, పైసా పన్ను లేదు. నా దృష్టిలో ఇంకా సంపాదిస్తున్నవారికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు. అయితే పోర్ట్‌ఫోలియో పెద్దదయ్యేకొద్దీ సిప్ బలం చాలదు. కోటి రూపాయల పక్కన 2.4 లక్షలు తూకాన్ని పెద్దగా కదిలించలేవు.

రిటైరైనవారికి కొత్త డబ్బు రాదు, అమ్మక తప్పదు. పై లెక్కలో 60కి తేవాలంటే దాదాపు 1.7 లక్షల విలువైన ఈక్విటీ యూనిట్లు అమ్మాలి. 12 లక్షలు 18 అయ్యాయంటే అమ్మిన సొమ్ములో మూడో వంతు లాభం, అంటే సుమారు 57 వేలు. ఏడాది దాటిన ఈక్విటీ లాభాల్లో ఆర్థిక సంవత్సరానికి 1.25 లక్షల వరకు పన్ను లేదు. ఆపైన 12.5 శాతం. వేరే ఈక్విటీ లాభాలేవీ లేకపోతే ఇక్కడ పన్ను సున్నా. లావాదేవీ పన్ను, స్టాంపు డ్యూటీ కలిపినా పది రూపాయల చిల్లరే.

అసలు ఖర్చు తొందరపడినప్పుడు వస్తుంది. కొని ఏడాది నిండని యూనిట్లు అమ్మితే లాభంపై 20 శాతం పన్ను. పైగా చాలా ఈక్విటీ ఫండ్లు అమ్మిన మొత్తంపై 1 శాతం ఎగ్జిట్ లోడ్ వేస్తాయి. ఒక ఫండ్ నుంచి మరో ఫండ్‌కు ‘స్విచ్’ కొడితే డబ్బు బ్యాంకుకు రాలేదు కదా, పన్నేమిటని చాలామంది అనుకుంటారు. పన్ను లెక్కలో స్విచ్ కూడా అమ్మకమే. ఒక ఊరట ఏమిటంటే, ఒక ఫోలియోలో మొదట కొన్న యూనిట్లే మొదట అమ్ముడవుతాయి. కాబట్టి పాత సిప్ ఉన్న ఫండ్ నుంచి తీస్తే ఈ రెండు దెబ్బలూ తప్పుతాయి.

తూకం తేదీని మార్చి చివరి వారంలో పెట్టుకోమంటాను. లాభం 2.2 లక్షలు వచ్చేంత అమ్మాల్సి ఉందనుకోండి. మార్చిలో సగం, ఏప్రిల్ మొదటి వారంలో సగం అమ్మితే అది రెండు ఆర్థిక సంవత్సరాల్లోకి వెళుతుంది. రెండు మినహాయింపులూ అక్కరకొస్తాయి. అంతా మార్చిలోనే అమ్మితే సెస్ కాక దాదాపు 11,900 రూపాయల పన్ను పడేది. కొత్త ఏడాది మినహాయింపులో కొంత అప్పుడే వాడేసినట్టు మాత్రం గుర్తుంచుకోవాలి.

పడిన మార్కెట్లో ఈ తేదీ విలువ తెలుస్తుంది. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజే 13 శాతం పడింది. ఆ వారంలో తూకం చూసినవారికి లెక్క చెప్పింది ఈక్విటీ కొనమనే. టీవీ చూస్తూ ఆ పని చేయడం కష్టం. ముందే రాసిపెట్టుకున్న తేదీ, హద్దు ఉన్నవారికి కాస్త సులువు.

లెక్క వేసేటప్పుడు పీఎఫ్, పీపీఎఫ్‌లను డెట్ కిందే కలపండి. అవి వదిలేస్తే ఉన్నదానికంటే ఈక్విటీ ఎక్కువ కనిపించి, అక్కర్లేని అమ్మకం జరుగుతుంది. ఎన్‌పీఎస్ ఖాతా ఉంటే ముందు అక్కడ సరిచేయండి. అందులో ఈక్విటీ వాటా తగ్గించి ప్రభుత్వ బాండ్ల వాటా పెంచుకుంటే పన్ను పడదు, బయటి ఫండ్లను ముట్టుకోవాల్సిన అవసరమే రాకపోవచ్చు.