జ్వరం తర్వాత డేట్ తప్పితే

టీకా వేయించుకున్న నెలలోనో, వైరల్ జ్వరం వచ్చి తగ్గిన నెలలోనో డేట్ వెనక్కి జరిగిందని చాలామంది ఆడవాళ్లు చెబుతారు. "అంతా నీ భ్రమ" అని కొట్టిపారేసేవాళ్లు ఒకవైపు, "ఇక పిల్లలు పుట్టరు" అని భయపెట్టేవాళ్లు ఇంకోవైపు. రెండు మాటలూ తప్పే. డేట్ మారడం నిజం. చాలామందిలో అది ఒకటి రెండు నెలల్లో సర్దుకోవడమూ అంతే నిజం.

ఎందుకు మారుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఒకామెకు 28 రోజులకోసారి నెలసరి వస్తుంది. బహిష్టు మొదలైన రోజును ఒకటో రోజుగా లెక్కపెడితే, సుమారు 14వ రోజున అండం విడుదలవుతుంది. దానికి ముందు రెండు వారాలూ మెదడులోని పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోన్ల మీద అండం పెరుగుతూ ఉంటుంది. ఎనిమిదో రోజున ఆమెకు గట్టి జ్వరం వచ్చింది. ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే రోగనిరోధక వ్యవస్థ పుట్టించే రసాయనాలు మెదడుకూ చేరి, ఆ హార్మోన్లను కొన్నాళ్లు తగ్గిస్తాయి. దాంతో 14వ రోజున రావలసిన అండం 22న వచ్చింది. అండం విడుదలయ్యాక నెలసరి రావడానికి పట్టే సమయం మాత్రం పెద్దగా మారదు, దాదాపు రెండు వారాలే. అందుకే ఆమెకు 28వ రోజు దాటినా డేట్ రాలేదు, 36వ రోజు దాటాకే వచ్చింది. ఆ నెలసరితో లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. ఒంట్లో జ్వరం లేదు కాబట్టి తర్వాతి అండం వేళకే విడుదలవుతుంది.

అదే జ్వరం 20వ రోజున వచ్చి ఉంటే? అండం అప్పటికే విడుదలైపోయింది కాబట్టి డేట్ చాలావరకు వేళకే వచ్చేది. ఒకే ఇంట్లో ఒకే వైరస్ సోకిన అక్కకు డేట్ తప్పి, చెల్లెలికి తప్పకపోవడానికి ఇదొక కారణం.

కోవిడ్ టీకాల మీద ఈ లెక్క బాగా తేలింది. టీకాల తొలి ప్రయోగాల్లో నెలసరి గురించి ఎవరూ పద్ధతిగా అడగలేదు. ఆ లోటు వల్లే పుకార్లకు చోటు దొరికిందని నా అభిప్రాయం. తర్వాత అమెరికాలోని ఒరెగాన్ వైద్య విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ అలిసన్ ఎడెల్మన్ బృందం, ఫోన్ యాప్‌లో నెలసరి తేదీలు రాసుకునే దాదాపు 4 వేల మంది వివరాలను పరిశీలించి 2022లో ప్రచురించింది. ఒక డోసుతో నెలసరి సగటున ఒక రోజు కంటే తక్కువే ఆలస్యమైంది. రెండు డోసులూ ఒకే నెలసరి చక్రంలో పడినవారిలో మాత్రం అది సగటున రెండు రోజులు. వాళ్లలో పదిమందిలో ఒకరికి ఎనిమిది రోజులు, అంతకు మించీ తేడా వచ్చింది. అయినా రెండు నెలసరులు తిరిగేసరికి మామూలైపోయింది. మన దగ్గర 2021 మే నుంచి కోవిషీల్డ్ డోసుల మధ్య 12 నుంచి 16 వారాల విరామం పెట్టారు కాబట్టి, ఆ తర్వాత వేయించుకున్నవారికి రెండూ ఒకే నెలలో పడే అవకాశం దాదాపు లేదు.

కోవిడ్ సోకినవారి సంగతీ ఇంచుమించు ఇదే. చైనాలోని వుహాన్‌లో ఆసుపత్రిలో చేరిన 177 మంది మహిళలను గమనిస్తే, నాలుగోవంతుకు కాస్త ఎక్కువ మందికి తేదీలు మారాయి. ఇంటికి వెళ్లిన ఒకటి రెండు నెలల్లో దాదాపు అందరికీ తేదీలు దారికొచ్చాయి.

తేదీ సంగతి ఇలా ఉంటే, రక్తస్రావం ఎక్కువవడం వేరే విషయం. ఫైజర్, మోడెర్నా టీకాల తర్వాత కొందరికి ఇలా జరగవచ్చని యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ నిపుణులు 2022 అక్టోబరులో గుర్తించి, టీకా సమాచార పత్రంలో చేర్చమన్నారు. ఆ కేసుల్లో ఎక్కువ భాగం తీవ్రం కానివి, తాత్కాలికమైనవీ.

డెంగీలో మాత్రం ఈ ధీమా పనికిరాదు. ప్లేట్‌లెట్లు పడిపోతున్న రోజుల్లో నెలసరి వస్తే రక్తం విపరీతంగా పోవచ్చు. "జ్వరం వేడికి ఎక్కువైంది" అని ఊరుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. నెలసరి నొప్పికి అలవాటుగా వేసుకునే మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రోఫెన్ మాత్రలు ఆ సమయంలో రక్తస్రావాన్ని పెంచుతాయి. వాటి జోలికి వెళ్లకూడదు. పారాసిటమాల్‌నైనా డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడాలి.

డేట్ దాటితే, గర్భం వచ్చే అవకాశం ఉన్నవారు జ్వరం వల్లేనని సరిపెట్టుకోకుండా ముందు ఆ పరీక్ష చేసుకోండి. మూడు నెలలైనా నెలసరి రాకపోయినా, అన్ని నెలలూ గాడి తప్పుతూనే ఉన్నా థైరాయిడ్, పీసీఓఎస్ వంటి వేరే కారణం ఉండవచ్చు. వరసగా రెండు గంటలపాటు గంటకో ప్యాడ్ తడుస్తుంటే మాత్రం ఆ రోజే చూపించుకోవాలి. నెలసరి పూర్తిగా ఆగిపోయి ఏడాది దాటినవారికి మళ్లీ ఎర్రబట్ట కనిపిస్తే, టీకా వేయించుకున్నా సరే, ఆ నెపం దానిమీదకు నెట్టకుండా గైనకాలజిస్టును కలవండి.