మీసానికి రంగు, మూతికి మంట

ఆదివారం నల్లరంగు పొడి కలిపి మీసానికి పట్టిస్తారు. సోమవారం దురద. మంగళవారానికి పైపెదవి వాచి, రసి కారుతుంది. రంగు వేసిన రోజు బాగానే ఉంది కాబట్టి నేరం షేవింగ్ సబ్బు మీదికి పోతుంది.

అసలు కారణం చాలా నల్లరంగుల్లో ఉండే పారాఫినైలీన్‌డయమీన్, పొట్టిగా పీపీడీ. ఏళ్లుగా పడిన రంగు కూడా ఒకనాడు పడకపోవచ్చు. ఒకసారి ఎలర్జీ వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం పోదు. అలాంటివారు పీపీడీ రంగును పరీక్షకైనా ముట్టకూడదు. కళ్లు వాచినా, ఊపిరాడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

‘అమ్మోనియా లేదు’ అని రాసినంత మాత్రాన పీపీడీ లేనట్టు కాదు. ‘నల్ల హెన్నా’లోనూ అది ఉండొచ్చు. అచ్చమైన గోరింటాకు తెల్లగడ్డాన్ని ఎర్రగా పండిస్తుంది. నీలి ఆకు పొడి కలిపితే గోధుమరంగు వస్తుంది. ముఖానికి ఇదే మేలు. అయినా ముందు చెవి వెనక కాస్త రాసి 48 గంటలు చూడాలి.