ఒకే ముహూర్తం, రెండు కెమెరాలు

శంషాబాద్ మండలం నర్కుడ దగ్గరున్న అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడి గురించి సినిమావాళ్లలో ఒక సెంటిమెంటు ఉంది. అక్కడ ఒక్క షాటు తీసినా బొమ్మ ఆడుతుందట. ఆ నమ్మకం సంగతెలా ఉన్నా, ఎత్తైన గోపురాన్నీ కోనేరునీ చూసి పెళ్లి వీడియోలవాళ్లు కూడా అక్కడికే దారి పట్టారు. సాయంత్రం ఎండలో కోనేటి మెట్ల మీద జంటను కూర్చోబెట్టి, ఎదురుగా ఒక సోనీ కెమెరా, పక్కన ఒక పానాసోనిక్ పెట్టారనుకుందాం. ఎడిటింగ్ టేబుల్ మీదికి వచ్చేసరికి ఒకదాంట్లో పెళ్లికూతురి ముఖం ఎర్రబారి, రెండోదాంట్లో కాస్త పచ్చగా కనిపిస్తుంది. కట్ పడినప్పుడల్లా ముఖం రంగు మారుతుంటే చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా ఏదో తేడాగా ఉందని మాత్రం తెలుస్తుంది.

ఈ తేడాను కంటితో సరిచేద్దామంటే కుదరదు. పసుపుపచ్చటి బొమ్మను పది నిమిషాలు చూస్తే కన్ను దానికి అలవాటుపడి, అదే తెలుపని ఒప్పేసుకుంటుంది. అందుకే స్కోపులు కావాలి. వాటికన్నా ముందు ‘లాగ్’ అంటే ఏమిటో కొంచెం చూడాలి.

కెమెరా సెన్సర్ వెలుతురును ఉన్నదున్నట్టు లెక్కపెడుతుంది. వెలుతురు రెట్టింపైతే అంకె కూడా రెట్టింపవుతుంది. ఈ రెట్టింపునే కెమెరామన్లు ఒక స్టాప్ అంటారు. 12 బిట్లలో 4096 మెట్లుంటే, అన్నిటికన్నా వెలుగైన స్టాపే 2048 మెట్లు తినేస్తుంది. తర్వాతిది 1024. అలా దిగుతూ పోతే ఆరో స్టాపుకి మిగిలేవి 64. కోనేటి మెట్ల కింది నీడలు, పెళ్లికూతురి జడలోని నలుపు ఉండేది అక్కడే. లాగ్ రికార్డింగ్ ఈ పంపకాన్ని మార్చి, నీడలు బాగా చిక్కబడే చోట తప్ప, ప్రతి స్టాపుకీ దాదాపు సమానంగా మెట్లు ఇస్తుంది. సోనీవారి ఎస్-లాగ్3లో, 10 బిట్ల ఫైల్లో, మధ్యస్థ వెలుతురు దగ్గర ఒక స్టాపుకి సుమారు 76 మెట్లు. కొడాక్ 1990ల మొదట్లో ఫిల్మ్ నెగెటివ్‌ను స్కాన్ చేయడానికి తెచ్చిన సినియాన్ పద్ధతి నుంచే ఈ ఆలోచన డిజిటల్ కెమెరాల్లోకి వచ్చింది. దీనికి చెల్లించే మూల్యం ఒకటుంది. లాగ్ బొమ్మను అలాగే చూస్తే వెలిసిపోయిన బట్టలా ఉంటుంది.

నాకు లాగ్‌లో అన్నిటికన్నా అందంగా తోచేది వేరే సంగతి. లాగరిథమ్‌లో గుణకారం కూడికగా మారిపోతుందని స్కూల్లో చదువుకున్నాం కదా, ఇక్కడ అది చేతికి పనికొస్తుంది. లెన్స్ ఒక స్టాప్ మూయడమంటే వెలుతురును సగం చేయడం, అంటే గుణకారం. ఎస్-లాగ్3 ఫుటేజీలో అదే పని సుమారు 76 మెట్లు తీసేస్తే అయిపోతుంది. గ్రేడింగ్ సాఫ్ట్‌వేర్లో ‘ఆఫ్‌సెట్’ అనే చక్రం చేసేది ఆ కూడిక, తీసివేతే.

ఇక లెక్కలోకి దిగుదాం. షూటింగ్ మొదట్లో జంట కూర్చున్న చోటే, అదే వెలుతురులో, 18 శాతం గ్రే కార్డును రెండు కెమెరాలకూ చూపించారు. వేవ్‌ఫార్మ్ అనే స్కోపులో అడ్డంగా చూస్తే బొమ్మలోని ఎడమ కుడులే ఉంటాయి, నిలువుగా చూస్తే 0 నుంచి 1023 వరకు వెలుతురు. ఎక్స్‌పోజరు సరిగ్గా ఉంటే ఆ కార్డు ఎస్-లాగ్3లో 420 దగ్గర, పానాసోనిక్‌వారి వి-లాగ్‌లో 433 దగ్గర నిలవాలి. ఈ 13 మెట్ల తేడా తప్పు కాదు, రెండు కంపెనీల గీతలు వేరు, అంతే. కొత్తవాళ్లు ఇక్కడే పొరబడి, రెండిటినీ ఒకే ఎత్తుకు లాగుతారు.

మన సోనీలో కార్డు 496 దగ్గర ఉందనుకోండి. అంటే ఒక స్టాప్ ఎక్కువ. నీడల్లో గరగర రాకుండా చాలామంది కావాలనే ఇలా తీస్తారు. 76 తగ్గిస్తే సరి. పానాసోనిక్‌లో ఆకుపచ్చ 433 దగ్గరే ఉంది గానీ, మూడు రంగులనూ విడివిడిగా చూపే పెరేడ్‌లో ఎరుపు 451, నీలం 410 చూపిస్తోంది. కార్డుకు రంగు లేదు కాబట్టి మూడూ ఒకే ఎత్తులో ఉండాలి. ఎరుపులో 18 తీసి, నీలంలో 23 కలిపితే వైట్ బ్యాలెన్స్ కుదిరిపోతుంది. బాగా చీకటి నీడల్లో లాగ్ గీత వంగిపోతుంది కాబట్టి అక్కడ ఈ లెక్క అచ్చంగా రాదు. రెండు మూడు స్టాపులు సరిచేయాల్సొస్తే ముందు లీనియర్‌లోకి మార్చి గుణించడమే మేలు. ఇదంతా అయ్యాకే రెండు క్లిప్పులనూ వాటి వాటి లాగ్ నుంచి ఒకే ఉమ్మడి రంగుల పరిధిలోకి మార్చాలి. లాగ్ అంకెల మీద వేసిన లెక్క ఆ మార్పు తర్వాత చెల్లదు.

తర్వాత వెక్టర్‌స్కోప్. దీని నడిబొడ్డున రంగు లేదు. అంచుకు వెళ్లేకొద్దీ రంగు చిక్కబడుతుంది, ఏ దిక్కున ఉందన్నదాన్ని బట్టి ఏ రంగో తెలుస్తుంది. గడియారంలో పదకొండు చూపే వైపు చర్మపు గీత ఒకటుంటుంది. మనిషి తెలుపైనా, చామనఛాయైనా, నలుపైనా చర్మం రంగు రక్తం నుంచీ మెలనిన్ నుంచీ వచ్చేదే కనుక దాదాపు ఆ గీత దగ్గరే పడుతుంది. ముఖం వరకే కత్తిరించి చూస్తే రెండు కెమెరాల చుక్కలూ ఒకే చోట ఉన్నాయో లేదో ఇట్టే తెలుస్తుంది. మన పెళ్లిళ్లలో మాత్రం ఒక మెలిక ఉంది. ముఖానికి పసుపు రాసి ఉంటే ఆ చుక్కలు పసుపు వైపు జరగడమే న్యాయం. వాటిని బలవంతంగా గీత మీదికి లాగితే పసుపు పోయి రోజ్ పౌడర్ రాసినట్టవుతుంది.

గ్రే కలిసింది, చర్మం కలిసింది, అయినా ఎర్ర పట్టుచీర ఒకదాంట్లో కుంకుమలా, ఇంకోదాంట్లో ఇటుకలా కనబడవచ్చు. రెండు సెన్సర్ల ముందున్న రంగుల ఫిల్టర్లు వేరు కాబట్టి, ఒకే ఎరుపును అవి ఒకేలా లెక్కపెట్టవు. ఈ మిగులును ఆ ఒక్క ఎరుపు దిక్కును కొన్ని డిగ్రీలు తిప్పి సరిచేస్తారు. ఎక్కువ తిప్పితే పెదవులు, పారాణి కూడా వెంట వస్తాయి.

మూడ్ అన్నది ఇంత పనీ అయ్యాకే, రెండు కెమెరాల క్లిప్పులన్నిటికీ కలిపి ఒకేచోట వేయాలి. విడివిడిగా వేస్తే కుదిర్చిందంతా మళ్లీ చెదురుతుంది. మూడ్ కూడా స్కోపులో కనబడుతుంది. బంగారు సాయంత్రం కావాలంటే పెరేడ్ పైభాగంలో ఎరుపు కొంచెం పైకి, నీలం కొంచెం కిందికి ఉండాలి, కిందిభాగంలో నీలం అడుగంటకుండా ఉండాలి. నీడలకూ పసుపు పులిమితే బంగారం పోయి, పాత ఫొటో వస్తుంది.

స్కోపు తప్పు చూపించినా దిద్దలేని సందర్భాలు రెండున్నాయి. పొద్దుగుంకాక విమానాశ్రయం వైపు ఆకాశాన్ని 8 బిట్లలో లాగ్ తీస్తే, స్టాపుకి 76 బదులు 19 మెట్లే ఉంటాయి. నున్నగా మారాల్సిన ఆకాశం చారలు చారలుగా విడిపోతుంది. వేవ్‌ఫార్మ్‌లో అది దువ్వెన పళ్లలా కనబడుతుంది. రెండోది రిసెప్షన్ స్టేజీల మీద ముఖాలపై పడే నీలం ఎల్‌ఈడీల వెలుతురు. పెరేడ్‌లో నీలం పైకప్పుకు తగిలి బల్లపరుపుగా తెగిపోయిందంటే ఆ ముఖంలో వివరం రికార్డు కాలేదన్నమాట. ఆ లైటు తగ్గించమని డెకరేషన్ వాళ్లను అడగాల్సింది రికార్డింగ్ మొదలవకముందే.