లక్షవ ఇటుక దాటాక

ఆషాఢం వెళ్లి శ్రావణం వచ్చిన కొత్తలో, ఇబ్రహీంపట్నం వైపు బూడిద ఇటుకల యూనిట్ నడిపే ఒకాయన లెక్కల పుస్తకాలు సంచిలో వేసుకుని నా దగ్గరకు వచ్చారు. ముఖం వాడిపోయి ఉంది. "ఏమండీ, అమ్మకాలు అయిదో వంతే తగ్గాయి. లాభం మాత్రం పూర్తిగా పోయింది. ఎవరో చేతివాటం చూపిస్తున్నారండీ" అన్నారు. ఆయన అనుమానం గుమాస్తా మీద. ఆ కుర్రాడు నాలుగేళ్లుగా నమ్మకంగా పనిచేస్తున్నవాడు.

పుస్తకాలన్నీ తిరగేశాం. రూపాయి కూడా ఎక్కడికీ పోలేదు. పోయినట్టు కనిపించిన లాభం వెనక ఒక చిన్న లెక్క ఉంది. చిన్న ఫ్యాక్టరీ పెట్టినవాళ్లలో చాలామంది ఈ లెక్క వేసుకోరు. అది తెలియక మంచి మనుషులను అనుమానిస్తారు, మంచి నెలల్లో తొందరపడతారు. అందుకే ఆ రోజు మేమిద్దరం కాగితం మీద వేసిన లెక్కను ఇక్కడ వివరంగా చెబుతాను. సులువుగా నడవడానికి అంకెలను కాస్త గుండ్రంగా చేశాను.

విజయవాడ పక్కనున్న నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం నుంచి వచ్చే బూడిదలో సిమెంటు, క్వారీ డస్టు కలిపి, ప్రెస్సులో అచ్చు వేసి, కొన్ని వారాలు నీళ్లు కొట్టి ఆరబెడితే బూడిద ఇటుక తయారవుతుంది. ఒక్కోటి మూడు కిలోల వరకు తూగుతుంది. మా లెక్కలో ఇటుక ధర జీఎస్టీ కాకుండా 7 రూపాయలు. జీఎస్టీ మనది కాదు, వసూలు చేసి కట్టేసేదే కాబట్టి దాన్ని మొదటే పక్కన పెట్టాలి.

ఇటుక ఇటుకకూ అయ్యే ఖర్చు చూద్దాం. సుమారు 240 గ్రాముల సిమెంటుకు 1.60, బూడిద తోలకానికి 0.45, డస్టుకు 0.60, ముఠా కూలికి 1.20, మోటార్లు తాగే కరెంటుకు 0.25, పగిలిపోయేవాటికి 0.10. అన్నీ కలిపితే 4.20. ఇవి చర ఖర్చులు. ఇటుక వేస్తేనే అవుతాయి, వేయకపోతే లేవు. 7 రూపాయల్లో 4.20 పోగా మిగిలేది 2.80. దీన్నే కాంట్రిబ్యూషన్ అంటారు. ఇది లాభం కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఈ 2.80 ముందుగా ఫ్యాక్టరీ పెట్టిన ఖర్చు తీర్చాలి, ఆ తర్వాతే యజమాని జేబులోకి రావాలి.

ఆ పెట్టిన ఖర్చే స్థిర ఖర్చు. నెలకు స్థలం లీజు 45,000, మేనేజరు, ప్రెస్సు ఆపరేటరు, వాచ్‌మన్ జీతాలు 1,20,000, కరెంటు బిల్లులో వాడినా వాడకపోయినా పడే చార్జీ 15,000, యంత్రాల తరుగుదల 60,000, బీమా, లైసెన్సులు, రిపేర్లు వగైరా 40,000. మొత్తం 2,80,000. ఒక్క ఇటుక అమ్మకపోయినా ఇది తప్పదు.

ఇప్పుడు 2,80,000ను 2.80తో భాగిస్తే లక్ష వస్తుంది. నెలకు లక్ష ఇటుకలు, అంటే 7 లక్షల రూపాయల అమ్మకం. అక్కడ లాభమూ లేదు, నష్టమూ లేదు. అదే బ్రేక్ ఈవెన్. రకరకాల సరుకు అమ్మే ఫ్యాక్టరీలో ఇటుకలు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టడం కుదరదు. అప్పుడు అమ్మకపు రూపాయిలో కాంట్రిబ్యూషన్ ఎంతో చూస్తారు. ఇక్కడ రూపాయికి 40 పైసలు. 2,80,000ను 0.40తో భాగించినా అదే 7 లక్షలు.

ఆయన మామూలు నెలల్లో 1,25,000 ఇటుకలు అమ్మేవారు. కాంట్రిబ్యూషన్ 3,50,000, స్థిర ఖర్చు పోను లాభం 70,000. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, శంకుస్థాపనలు ఆగుతాయి. పైగా వాన. అమ్మకం లక్షకు దిగింది. అమ్మకంలో తగ్గింది అయిదో వంతే, అంటే 20 శాతం. ఆ తగ్గిన పాతికవేల ఇటుకలే నెల మొత్తం లాభాన్ని మోస్తున్నవి. అవి పోగానే 70,000 సున్నా అయింది. గుమాస్తా ఏ పాపమూ ఎరగడు.

ఈ పెంపునకే ఆపరేటింగ్ లీవరేజి అని పేరు. లీవర్ అంటే మీట. గడ్డపారను రాయి కింద దూర్చి, ఈ చివర కొంచెం బలం పెడితే ఆ చివర పెద్ద బండ లేస్తుంది. ఫ్యాక్టరీలో ఆ గడ్డపార స్థిర ఖర్చు. అమ్మకం కాస్త కదిలితే లాభం చాలా కదులుతుంది. ఎన్ని రెట్లు కదులుతుందో తెలియాలంటే కాంట్రిబ్యూషన్‌ను లాభంతో భాగించాలి. 3,50,000 బై 70,000, అంటే 5. అమ్మకం 1 శాతం మారితే లాభం 5 శాతం మారుతుంది. 20 శాతం తగ్గితే నూటికి నూరూ పోతుంది. ఈ అయిదుకు ఇంకో వైపు కూడా ఉంది. దాన్ని తలకిందులు చేస్తే అయిదో వంతు, అదే 20 శాతం. నష్టంలోకి జారడానికి ముందు అమ్మకం ఎంత తగ్గగలదో చెప్పే అంకె అది.

ఈ రెట్ల సంఖ్య ఫ్యాక్టరీకి పుట్టుకతో వచ్చింది కాదు. ఆ నెల మనం ఎక్కడ నిలబడి ఉన్నామో దాన్ని బట్టి మారుతుంది. అదే యూనిట్ 1,10,000 ఇటుకలు అమ్మిన నెలలో లాభం 28,000, రెట్లు 11. అక్కడినుంచి అమ్మకం పదో వంతు పెరిగితే లాభం రెట్టింపు దాటి 58,800 అవుతుంది. అలాంటి నెలలో యజమానికి ప్రపంచాన్ని జయించినంత సంబరం కలుగుతుంది. అదే యూనిట్ 1,75,000 అమ్ముతుంటే లాభం 2,10,000, రెట్లు రెండుంబావు కన్నా కాస్త ఎక్కువ. అక్కడ అమ్మకం 20 శాతం పడినా లాభంలో సగానికి పైగా నిలుస్తుంది. బ్రేక్ ఈవెన్‌కు దగ్గరగా ఉన్నప్పుడు వచ్చే పెద్ద పెద్ద శాతాలను చూసి పొంగిపోకూడదు. కుంగిపోకూడదు కూడా. సరిగ్గా లక్ష దగ్గర లాభం సున్నా కాబట్టి ఈ లెక్కే పనిచేయదు.

ఇక ఆయన అడిగిన రెండో మాట. "అర్ధరూపాయి తగ్గించి ఇస్తే బిల్డర్లు ఎక్కువ ఎత్తుతారండీ. తగ్గించనా?" ఏడు రూపాయల్లో అర్ధరూపాయి చిన్నదిగానే కనిపిస్తుంది, ఏడు శాతం. కానీ తగ్గేది 7లో కాదు, 2.80లో. కాంట్రిబ్యూషన్ 2.30కి పడిపోతుంది, బ్రేక్ ఈవెన్ లక్ష నుంచి దాదాపు 1,21,700కు జరుగుతుంది. 1,25,000 ఇటుకల మీద 70,000 వచ్చేచోట 7,500 వస్తుంది. పాత లాభం దక్కాలంటే 1,52,000కు పైగా అమ్మాలి. పైన చెప్పిన అయిదు రెట్ల సూత్రం ధర మార్పుకు పనికిరాదు. అది ఇటుకల సంఖ్య మారినప్పుడే చెల్లుతుంది. ధర మారితే కాంట్రిబ్యూషనే మారిపోతుంది, లెక్క మొదటినుంచి వేయాలి.

లెక్క సులువే. కష్టమంతా ఏది స్థిరం, ఏది చరం అని విడదీయడంలో ఉంది. కరెంటు బిల్లునే తీసుకోండి, అందులో రెండూ కలిసి ఉంటాయి. మేం రెండు బిల్లులు పక్కపక్కన పెట్టాం. 1,50,000 ఇటుకలు వేసిన నెల బిల్లు 52,500, 90,000 వేసిన నెల 37,500. ఇటుకల్లో తేడా 60,000, బిల్లులో తేడా 15,000. అంటే ఇటుకకు పావలా. 90,000 ఇటుకలకు 22,500 పోతే మిగిలిన 15,000 స్థిరం. బిల్లు మీద ముద్రించిన ఫిక్స్‌డ్ చార్జీతో సరిపోయింది. సరిపోకపోతే ఏదో ఒక నెల మోటారు చెడిపోయిందనో, రేటు మారిందనో అనుమానించి ఇంకో నెల బిల్లు తీయాలి.

ముఠా కూలి విషయం ఇంకా సున్నితమైనది. ఇటుకకు 1.20 అన్నాం కాబట్టి చరమే. కానీ వానల్లో పని లేకపోయినా మనుషులు వెళ్లిపోకుండా యజమాని బత్తా ఇస్తాడు. ఇవ్వాలి కూడా, వాళ్లూ తిండి తినాలి కదా. ఆ బత్తా ఆ నెలకు స్థిర ఖర్చే. దాన్ని కలపకుండా వేసిన బ్రేక్ ఈవెన్ సరిగ్గా వానాకాలంలోనే తప్పు చెబుతుంది.

యార్డులో పేరుకున్న సరుకు కూడా మోసం చేస్తుంది. లక్ష ఇటుకలంటే వేసినవి కాదు, అమ్ముడైనవి. ప్రెస్సు ఆగకుండా నడిపి, మిగిలిన ఇటుకల విలువలో మేనేజరు జీతం, లీజు కూడా వాటా వేసి కలిపితే, అమ్మకం లేని నెలలోనూ పుస్తకంలో లాభం కనిపిస్తుంది. ఆ ఖర్చు ఎక్కడికీ పోలేదు, నీళ్లు కొట్టిన దొంతరల్లో దాక్కుని వచ్చే నెలకు వెళ్లింది.

బ్యాంకు వడ్డీని ఇంతవరకు కావాలనే కలపలేదు. ఆపరేటింగ్ లీవరేజిలో అది రాదు. ఫ్యాక్టరీ నడపడం వేరు, అప్పు తెచ్చి నడపడం వేరు. కానీ యజమానికి రెండూ ఒక్క జేబే. నెలకు 42,000 వడ్డీ ఉంటే దానికి మరో 15,000 ఇటుకలు అమ్మాలి. ఆయన అసలు గీత లక్ష కాదు, 1,15,000.

చివరగా ఆయన సంచిలోంచి ఒక కొటేషన్ తీశారు. ఇటుకలను దానంతటదే పేర్చే యంత్రం. కూలి ఇటుకకు 70 పైసలు తగ్గుతుంది, తరుగుదల, టెక్నీషియన్ జీతం కలిపి స్థిర ఖర్చు 1,05,000 పెరుగుతుంది. కాంట్రిబ్యూషన్ 3.50, స్థిర ఖర్చు 3,85,000, బ్రేక్ ఈవెన్ 1,10,000.

1,05,000ను 0.70తో భాగించాం. 1,50,000 వచ్చింది. అన్ని ఇటుకలు అమ్మిన నెలలో యంత్రం ఉన్నా లేకపోయినా లాభం ఒకటే, 1,40,000. అంతకు మించితే యంత్రం మేలు. తగ్గితే పాత పద్ధతే మేలు. లాభం ఒకటైనంత మాత్రాన రెండూ ఒకటి కావు. పాత పద్ధతిలో రెట్లు 3, యంత్రంతో 3.75. అమ్మకం 20 శాతం పడి 1,20,000కు వస్తే పాత పద్ధతిలో 56,000 మిగులుతుంది, యంత్రంతో 35,000. దాంట్లోంచే పాత వడ్డీ 42,000 కట్టాలి, కొత్త అప్పు వడ్డీ ఇంకా లెక్కలోకే రాలేదు.

"మరి మా ఏడాది సగటు ఎంతండీ?" అని అడిగారు. పన్నెండు నెలల బిల్లులు కూడాం. ఇంచుమించు 1,28,000. ఆయన కొటేషన్ మడిచి మళ్లీ సంచిలో పెట్టుకున్నారు. ఫోన్ తీసి గుమాస్తాకు చేశారు. "వెంకన్న టీ కొట్టు దగ్గర ఉండు, వస్తున్నా, ఇద్దరం కలిసి భోంచేద్దాం" అన్నారు.