ఫోన్‌లో మెరిసిన పెళ్లి ఫోటో ఆల్బమ్‌లో ఎందుకు నల్లగా వచ్చింది?

ఫోన్ రివ్యూ రాసేటప్పుడు డిస్‌ప్లే బ్రైట్‌నెస్ ఎన్ని నిట్స్ అనేది మనం మొదటి పేరాలోనే రాస్తాం. ఎంత ఎక్కువుంటే అంత మంచి ఫోన్ అన్నట్టు. ఆ బ్రైట్‌నెస్ వల్లే మా అన్నకి రావాల్సిన బ్యాలెన్స్ డబ్బులు నెల రోజులు ఆగిపోయాయి.

అన్న అంటే మా పెదనాన్న కొడుకు. మిర్యాలగూడలో చిన్న ఫోటో స్టూడియో నడుపుతాడు. పక్కనే వేములపల్లిలో ఒక రిటైర్డ్ టీచర్ గారి అమ్మాయి పెళ్లికి ఫోటోలు తీశాడు. ఫోటోలన్నీ ముందే వాట్సాప్‌లో పంపితే సార్ ఇంట్లో అందరూ చూసి బాగున్నాయన్నారు. ల్యాబ్ నుంచి 40 షీట్ల కరిజ్మా ఆల్బమ్ వచ్చాక కథ మారిపోయింది. "ఫోన్‌లో చూపించింది ఒకటి, ఇచ్చింది ఇంకొకటి. అన్నీ నల్లగా ఉన్నాయి" అని సార్ బ్యాలెన్స్ ఆపేశారు. ఫోన్‌లో మాట్లాడితే గొడవైంది. చివరికి సార్, "కారణం ఏంటో కాగితం మీద రాసి పంపు, చదువుకుని చెప్తా" అన్నారు.

వీకెండ్‌కి హైదరాబాద్ నుంచి నేను ఇంటికెళ్తే అన్న ఆ పని నాకు అప్పజెప్పాడు. "నువ్వు బీటెక్ చదివినవ్ కదరా, జర సార్‌కి అర్థమయ్యేటట్టు రాయి" అన్నాడు. రాసే ముందు నిజం ఏంటో తెలియాలి కదా. అందుకే ఇద్దరం సార్ ఇంటికెళ్లి ఆల్బమ్ చూశాం. ఆ లెటర్‌లో ఏం రాశామో ఒక్కో ముక్కగా ఇస్తున్నాను. దాని వెనకున్న లెక్క కింద చెప్తాను.

కాగితానికి సొంత వెలుగు లేదు

> గౌరవనీయులైన సార్‌కి నమస్కారం. ఫోన్ స్క్రీన్ దానంతట అది వెలుగుతుంది. ఆల్బమ్ కాగితం మీద మాత్రం గదిలో ఎంత వెలుతురు పడితే అంతే మన కంటికి తిరిగొస్తుంది. మీరు ఆల్బమ్ చూసింది రాత్రి పూట, హాల్లో ఒక్క ట్యూబ్‌లైట్ కింద. అదే ఆల్బమ్‌ని మొన్న పొద్దున మీ వరండాలో తెరిస్తే, చాలా షీట్లు బాగానే ఉన్నాయని మీరే అన్నారు.

ఈ ముక్క ఊరికే రాసింది కాదు, కొలిచి చూశాం. ఫోన్ ముందు కెమెరా పక్కన ఒక లైట్ సెన్సర్ ఉంటుంది. దాన్ని చదివి లక్స్‌లో చూపించే ఉచిత యాప్‌లు చాలా ఉన్నాయి. అసలైన మీటర్ అంత కచ్చితంగా ఉండవు కానీ, ఇక్కడ తేడా రెట్లలో ఉంది కాబట్టి సరిపోతాయి. రాత్రి హాల్లో, ఆల్బమ్ పెట్టుకునే ఒడి దగ్గర 90 లక్స్ వచ్చింది. పొద్దున వరండాలో నీడ పట్టున 1500 లక్స్ వచ్చింది.

కాగితం మీద పడిన వెలుతురు కంటికి ఎన్ని నిట్స్‌గా కనిపిస్తుందో చెప్పే ఫార్ములా చిన్నదే:

```
L = E × ρ / π
```

E అంటే కాగితం మీద పడే లక్స్. ρ అంటే కాగితం వెనక్కి పంపే వంతు, మంచి తెల్ల కాగితానికి దాదాపు 0.9 అనుకోవచ్చు. హాల్లో 90 × 0.9 / 3.14 వేస్తే సుమారు 26 నిట్స్. అంటే ఆల్బమ్‌లో అన్నిటికంటే తెల్లగా ఉన్న చోటు కూడా 26 నిట్స్ దాటదు. సార్ వాళ్ల ఫోన్ స్పెక్ షీట్‌లో మామూలు బ్రైట్‌నెస్ 500 నిట్స్ అని ఉంది, వాళ్లు స్లైడర్‌ని ఎప్పుడూ ఫుల్‌లోనే పెడతారు. 500కి 26కి మధ్య దాదాపు 19 రెట్ల తేడా. కెమెరా భాషలో నాలుగు స్టాప్‌ల పైమాటే. వరండాలో ఇదే లెక్క వేస్తే కాగితం 430 నిట్స్ దాకా వస్తుంది, అంటే ఫోన్‌కి దగ్గరగా. ఆల్బమ్ అదే, ఫోటో అదే, మారింది వెలుతురు ఒక్కటే.

మరి కన్ను తక్కువ వెలుతురుకి అలవాటు పడదా? పడుతుంది. కానీ సార్ వాళ్లు ఫోన్‌ని ఆల్బమ్ పక్కనే పెట్టి పోల్చారు. 500 నిట్స్ ఎదురుగా ఉంటే కన్ను దానికే సర్దుకుంటుంది, పక్కనున్న కాగితం ఇంకా మసకగా కనిపిస్తుంది. ఫోన్ లేకపోయినా, వెలుతురు తగ్గే కొద్దీ అదే రంగు మన కంటికి కొంచెం చప్పగా అనిపిస్తుంది. దీన్ని హంట్ ఎఫెక్ట్ అంటారు.

దీన్ని సార్‌కి ఫార్ములాతో చెప్పలేదు. హాల్లోనే ఆయన ఫోన్‌లో తెల్ల పేజీ ఒకటి తెరిచి ఆల్బమ్ పక్కన పెట్టాం. ఆ తెలుపు ఆల్బమ్ అంచు తెలుపుతో సమానం అయ్యేదాకా బ్రైట్‌నెస్ తగ్గించాం. స్లైడర్ చాలా కిందికి లాగాల్సి వచ్చింది. అప్పుడు అదే ఫోన్‌లో పెళ్లి ఫోటో తెరిస్తే, అది కూడా దాదాపు ఆల్బమ్‌లో ఉన్నట్టే కనిపించింది. సార్ ఏం మాట్లాడలేదు, ఇంకో నాలుగు ఫోటోలు తిప్పి చూశారు.

నలుపులో దాక్కున్నది

> ముహూర్తం రాత్రిది కావడంతో ఆ ఫోటోల్లో నీడలు ఎక్కువ. ఫోన్ స్క్రీన్ నలుపుకీ నల్లటి బూడిద రంగుకీ తేడా బాగా చూపిస్తుంది. మీరు కోరుకున్న మ్యాట్ కాగితం ఆ తేడాని అంత బాగా చూపించలేదు. ఇది ఆర్డర్ తీసుకునేటప్పుడే నేను మీకు చెప్పి ఉండాల్సింది.

AMOLED స్క్రీన్‌లో నలుపు అంటే పిక్సెల్ పూర్తిగా ఆఫ్. కాగితం మీద ఎంత నల్లటి ఇంకు వేసినా కొంత వెలుతురు తిరిగొస్తూనే ఉంటుంది. గ్లాసీ ప్రింట్‌లో తెలుపుకీ నలుపుకీ మధ్య తేడా సుమారు 160 రెట్లు ఉంటే, మ్యాట్‌లో అది 40 రెట్ల దగ్గరికి పడిపోవచ్చు. మ్యాట్ ఉపరితలం పైనుంచి పడిన వెలుతురుని అన్ని వైపులా చెదరగొడుతుంది, ఆ చెదిరిన వెలుతురు నలుపు మీద పల్చటి తెరలా కమ్ముతుంది.

ఇక్కడ అసలు బాధ ఒక్క ఫోటో గురించి. జీలకర్ర బెల్లం ఫోటోలో పెళ్లికూతురు వెనక, మండపం స్తంభం పక్కన సార్ వాళ్ల అమ్మగారు కూర్చుని ఉన్నారు. పెళ్లయిన రెండు నెలలకి ఆవిడ కాలం చేశారు. ఫోన్‌లో ఆవిడ మొహం కనిపిస్తోంది. ఆల్బమ్‌లో అక్కడ నల్లటి మరక తప్ప ఏం లేదు.

ఫోటోషాప్‌లో ఆ మొహం నీడ భాగం మీద కర్సర్ పెడితే RGB విలువలు 30 చుట్టూ ఉన్నాయి. 255లో 30 అంటే దాదాపు 12 శాతం వెలుగు అనుకుంటాం, కానీ కాదు. sRGB గామా లెక్కలో 30 అంటే అసలు వెలుగులో 1.3 శాతమే. ఫోన్‌లో 500 నిట్స్‌లో అది 6.5 నిట్స్, కంటికి హాయిగా అందుతుంది. హాల్లో కాగితం మీద 26 నిట్స్‌లో అది 0.34 నిట్స్. అదీ మ్యాట్ కాగితం అంత నలుపుని చూపించగలిగితే. తెలుపులో 40వ వంతు అంటే 2.5 శాతం, దానికంటే నల్లగా ఆ కాగితం వెళ్లదు. 1.3 శాతం దగ్గరున్న మొహం, దాని చుట్టూ ఉన్న చీకటి రెండూ ఒకే నలుపులో కలిసిపోయాయి.

మా తప్పు

> సార్, 40 షీట్లలో ఐదు షీట్లు వరండా వెలుతురులో కూడా నల్లగానే ఉన్నాయి. దానికి కారణం మీ హాలు కాదు, నా ఎడిటింగ్. ఆ ఐదు షీట్లు నా ఖర్చుతో మళ్లీ ప్రింట్ చేయించి, ఆల్బమ్ మళ్లీ బైండింగ్ చేయించి ఇస్తాను.

ఈ ముక్క రాయడానికి అన్న ముందు ఒప్పుకోలేదు. స్టూడియోకి వెళ్లి చూస్తే సంగతి అర్థమైంది. సీజన్‌లో రాత్రి రెండింటి దాకా, లైట్లు ఆర్పేసిన గదిలో, మానిటర్ బ్రైట్‌నెస్ 100 పెట్టి ఎడిట్ చేస్తాడు. చీకట్లో అంత వెలిగే స్క్రీన్ మీద ప్రతి ఫోటో ఎక్కువ వెలుగున్నట్టే కనిపిస్తుంది, చెయ్యి దానంతట అదే ఎక్స్‌పోజర్ తగ్గిస్తుంది. ప్రింట్ కోసం ఎడిట్ చేసే మానిటర్‌ని సాధారణంగా 80 నుంచి 120 నిట్స్ మధ్య పెట్టుకుంటారు, గదిలో మామూలు లైట్ ఒకటి వేసుకుంటారు.

దీన్ని గుర్తుపట్టే పద్ధతి తేలిక. ప్రింట్‌ని పగటి నీడలో చూడండి. అక్కడ బాగుంటే సమస్య చూసే వెలుతురుది. అక్కడ కూడా నల్లగా ఉంటే ఫైల్‌దే లోపం. వెలుగు సరిపోయినా రంగులు వెలిసినట్టు ఉంటే, Adobe RGB ఫైల్‌ని ల్యాబ్ మెషీన్ sRGB అనుకుని ప్రింట్ చేసిందేమో అడగండి.

ఐదు షీట్లు సరిచేయడానికి అన్న మొదట Brightness పెంచబోయాడు. అలా చేస్తే పంచె, మల్లెపూలు తెల్లగా కాలిపోతాయి. దానికి బదులు Levels లో మధ్య స్లైడర్ మాత్రమే కదిపాం. అది తెలుపునీ నలుపునీ ఉన్నచోటే ఉంచి మధ్య టోన్లని లేపుతుంది. ఎంత కదపాలో స్క్రీన్ చూసి నిర్ణయించలేదు. ఆ జీలకర్ర బెల్లం ఫోటోనే 1.00, 1.10, 1.20, 1.30 విలువలతో నాలుగు ముక్కలుగా ఒకే 12×18 షీట్ మీద, అదే మ్యాట్ కాగితంతో టెస్ట్ ప్రింట్ వేయించాం.

ఆ షీట్‌ని సార్ ఇంట్లోనే, రాత్రి హాల్లో ఒకసారి, పొద్దున వరండాలో ఒకసారి చూశాం. 1.30 హాల్లో బాగుంది కానీ వరండాలో పాలిపోయినట్టు ఉంది, నీడల్లో గ్రెయిన్ కూడా బయటపడింది. ఆ ఫోటో ISO 6400లో తీసింది, అంతకంటే లాగితే రాదు. 1.20 రెండు చోట్లా సరిపోయింది. అమ్మగారి మొహం వరకు విడిగా సెలెక్ట్ చేసి ఇంకొంచెం లేపాం.

షీట్ చేతిలో పట్టుకుని సార్ చాలాసేపు చూశారు. "ఇది ముందే చేసుంటే లెటర్ రాసే పని లేకుండె కదా" అన్నారు. అన్న తల ఊపాడు. బ్యాలెన్స్‌లో సగం అప్పుడే ఇచ్చారు, మిగతా సగం కొత్త బైండింగ్ వచ్చాక ఇచ్చారు.

ఇప్పుడు అన్న ఆల్బమ్ ఫైల్స్ పంపే ముందు ల్యాబ్ దగ్గర ఆ కాగితం ICC ప్రొఫైల్ అడిగి తీసుకుంటున్నాడు. ఫోటోషాప్‌లో View > Proof Setup > Custom లో దాన్ని పెట్టి, Simulate Paper Color టిక్ చేస్తే కాగితం మీద నలుపు ఎంత పల్చబడుతుందో స్క్రీన్ మీదే తెలుస్తుంది. కస్టమర్‌కి ఫోటోలు పంపేటప్పుడు కింద రెండు లైన్లు కూడా రాస్తున్నాడు: "డిస్‌ప్లే Vivid మోడ్ తీసేసి Natural పెట్టండి. తెల్ల కాగితం ఒకటి పక్కన పెట్టుకుని, ఫోన్ తెలుపు దానితో సమానం అయ్యేదాకా బ్రైట్‌నెస్ తగ్గించి చూడండి. ఆల్బమ్ సుమారు అలాగే వస్తుంది."